పాత భాగానికీ కొత్త భాగానికీ మధ్య ఒక తేదీ

2006 ఏప్రిల్‌లో అమెరికాలోని జనరల్ మోటార్స్ కంపెనీలో ఒక డిజైన్ ఇంజినీరు ఒక మార్పు పత్రం మీద సంతకం పెట్టాడు. షెవ్రొలే కోబాల్ట్, సాటర్న్ అయాన్ వంటి చిన్న కార్లలో వాడే ఇగ్నిషన్ స్విచ్‌కు సంబంధించిన మార్పు అది. తాళంచెవిని తిప్పిన చోట నిలిపి ఉంచడానికి ఆ స్విచ్ లోపల చిన్న పిన్ను, దాని వెనక ఒక స్ప్రింగు ఉంటాయి. పాత స్విచ్‌లో ఆ పట్టు చాలలేదు. కారు గతుకులో పడినా, తాళాల గుత్తి బరువుకు లాగినా చెవి వెనక్కి తిరిగి, నడుస్తున్న ఇంజిన్ ఆగిపోయేది. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు అందే సాయం పోతుంది. అన్నిటికన్నా ఘోరం, ఆ స్థితిలో కారు దేన్నైనా గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. స్విచ్ తయారు చేసే డెల్ఫీ కంపెనీ పొడుగాటి పిన్నుతో, బిగువైన స్ప్రింగుతో కొత్త రకం చేసింది. ఇంజినీరు దాన్ని ఆమోదించాడు. ఇంతవరకూ మంచిదే. అయితే ఆ పత్రంలో భాగం నంబరు మార్చలేదు. పాత స్విచ్‌దీ కొత్త స్విచ్‌దీ ఒకే నంబరు.

జార్జియా రాష్ట్రంలో 2010లో జరిగిన ఒక ప్రమాదంలో 2005 మోడల్ కోబాల్ట్ నడుపుతున్న యువతి చనిపోయింది. ఆమె తల్లిదండ్రులు వేసిన కేసులో ఒక ఇంజినీరు ఆ కారు స్విచ్‌ని పరీక్షించాడు. పోల్చి చూడటానికి డీలరు దగ్గర అదే నంబరు మీద కొత్త స్విచ్ కొన్నాడు. రెండింటి పట్టులో తేడా కనిపించింది. విప్పి చూస్తే లోపలి పిన్నులే వేరు. కంపెనీ రికార్డుల్లో ఒకటిగా ఉన్న వస్తువు నిజానికి రెండు వస్తువులని అలా బయటపడింది. పాత మోడల్ కార్లలోనే ఎయిర్‌బ్యాగులు ఎందుకు మొరాయిస్తున్నాయి, కొత్త మోడళ్లలో ఎందుకు లేదు అని కంపెనీ సొంత ఇంజినీర్లే అప్పటికి కొన్నేళ్లుగా తల పట్టుకుని ఉన్నారు. రికార్డు ప్రకారం స్విచ్ మారలేదు కాబట్టి ఆ తేడాకి కారణం తేలలేదు.

ప్రమాదం పాత డిజైన్‌లో పుట్టిందే. దాన్ని అన్నేళ్లు కనిపించకుండా చేసింది మాత్రం మార్పుని నమోదు చేయని తీరు. తయారైన వస్తువులో ఏ భాగం ఎప్పటి నుంచి మారిందో రాసిపెట్టే పద్ధతి ఒకటి ఫ్యాక్టరీల్లో ఉంది. బయటివాళ్లకు పెద్దగా తెలియని ఆ పద్ధతి గురించే ఈ వ్యాసం.

సరుకుల చిట్టాకి తేదీలు

పెళ్లికి వంటమేస్త్రి రాసిచ్చే సరుకుల చిట్టా లాంటిది ప్రతి ఫ్యాక్టరీ వస్తువుకీ ఉంటుంది. పేరు బిల్ ఆఫ్ మెటీరియల్స్. షాపులో, స్టోర్‌లో అందరూ పొట్టిగా ‘బామ్’ అంటారు. ఒక వస్తువు చేయడానికి ఏ భాగాలు, ఏ లెక్కన కావాలో అందులో ఉంటుంది. చిట్టా మెట్లు మెట్లుగా దిగుతుంది. సీలింగ్ ఫ్యాన్ బామ్‌లో స్టేటర్, రోటర్, కెపాసిటర్, మూడు రెక్కలు ఉంటాయి. స్టేటర్‌కి మళ్లీ సొంత బామ్, అందులో రాగి తీగ, ఇనుప రేకులు, వార్నిష్ ఉంటాయి. ఏం కొనాలి, ఏం చుట్టాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అని కంప్యూటర్ వేసే లెక్కంతా ఈ చిట్టా మీదే నడుస్తుంది. చిట్టాలో ఒక వరుస తప్పితే ఆ తప్పు కొనుగోలు శాఖ దాకా, వెండర్ దాకా పోతుంది.

ఇంజినీరు ఒక భాగం మార్చాలనుకున్నాడు. చిట్టాలో పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ క్షణాన స్టోర్‌లో పాత భాగాలు వేలల్లో ఉంటాయి. లైన్ మీద సగం తయారైన వస్తువులు ఉంటాయి. వెండర్ దగ్గర ఆర్డరు ఇచ్చిన సరుకు ఉంటుంది. కొత్త భాగం ఇంకా రాలేదు. పేరు మార్చిన మరుక్షణం కంప్యూటర్ రేపటి పనికి కొత్త భాగం కావాలంటుంది, లేదు కాబట్టి లైన్ ఆగుతుంది, పాతదేమో అరల్లో అడ్డంగా మిగులుతుంది. అందుకే పేరు కొట్టేయరు. పాత వరుసను అలాగే ఉంచి దానికి ముగింపు తేదీ వేస్తారు. కింద కొత్త వరుస చేర్చి ప్రారంభ తేదీ వేస్తారు. రెండూ ఒకే చిట్టాలో పక్కపక్కన బతుకుతాయి. ఎవరు ఏ తేదీకి అడిగితే ఆ తేదీకి చెల్లే వరుసే కంప్యూటర్ చూపిస్తుంది.

ఒక ఊహా ఫ్యాక్టరీ తీసుకుని చూద్దాం. రోజుకి 800 సీలింగ్ ఫ్యాన్లు చేస్తుంది. ఎండాకాలంలో ఓల్టేజీ పడిపోయినప్పుడు ఫ్యాన్ మరీ నెమ్మదిస్తోందని పల్లెల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ఇంజినీర్లు స్టేటర్ చుట్టే పద్ధతి మార్చారు. దానికి తగ్గట్టు కెపాసిటర్‌ని 2.5 ఎంఎఫ్‌డీ నుంచి 3.15కి పెంచారు. ఫ్యాన్ రూపం, ధర, పేరు ఏవీ మారలేదు. మార్పు తర్వాత కంప్యూటర్‌లో చిట్టా ఇలా ఉంటుంది:

```
FAN-1200  STATOR-A  1  2023-04-01  2024-11-17
FAN-1200  STATOR-B  1  2024-11-18  9999-12-31
FAN-1200  CAP-2.50  1  2023-04-01  2024-11-17
FAN-1200  CAP-3.15  1  2024-11-18  9999-12-31
FAN-1200  BLADE-48  3  2023-04-01  9999-12-31
```

చివరి తేదీ చూసి నవ్వుకోకండి. 9999 డిసెంబరు 31 అంటే ‘ముగింపు ఇంకా నిర్ణయించలేదు’ అని అర్థం. సాప్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఇదే రాస్తారు. నవంబరు 12న చేయాల్సిన ఫ్యాన్లకు కంప్యూటర్ పాత జంటను అడుగుతుంది, 25న చేయాల్సిన వాటికి కొత్త జంటను. ఈ లెక్క అక్టోబరులోనే వేసేస్తుంది. కాబట్టి పాత కెపాసిటర్ కొనుగోలు దానంతటదే తగ్గుతూ ఆగిపోతుంది, కొత్తదాని ఆర్డరు సకాలంలో వెళ్తుంది. తేదీ వేయడంలో అసలు లాభం ఇదే.

ఆ తేదీ ఎక్కడి నుంచి వస్తుంది

నవంబరు 18 అని ఎవరో క్యాలెండర్ చూసి చెప్పింది కాదు. మార్పు ప్రతిపాదన వచ్చాక డిజైన్, కొనుగోలు, స్టోర్, ఉత్పత్తి, నాణ్యత, సర్వీసు విభాగాల వాళ్లు ఒక చోట కూర్చుంటారు. వాళ్ల ముందు రెండు ప్రశ్నలుంటాయి. పాత సరుకు ఎంత ఉంది? కొత్తది ఎప్పుడు వస్తుంది?

మన ఫ్యాక్టరీలో చుట్టి సిద్ధంగా ఉన్న పాత స్టేటర్లు 9,600. అంటే 12 రోజుల పని. పాత కెపాసిటర్లు స్టోర్‌లో 17,500, వెండర్‌కి ఇచ్చి ఇంకా తయారు కాని ఆర్డరు మరో 4,000. కొత్త కెపాసిటర్లు రావడానికి 18 పనిదినాలు పడుతుందని వెండర్ అన్నాడు. అతని మాట మీద మరో రెండు రోజులు కలిపి 20 అనుకున్నారు. ఆ 20 రోజులకూ పాత ఫ్యాన్లే చేయాలి కాబట్టి 16,000 స్టేటర్లు కావాలి. ఉన్నవి పోను ఇంకా 6,400 పాత పద్ధతిలో చుట్టాలి. కెపాసిటర్లు 16,000 వాడగా 1,500 మిగులుతాయి. అవి స్క్రాప్ కాదు. ఇప్పటికే ఇళ్లలో తిరుగుతున్న పాత ఫ్యాన్ల రిపేరుకి సర్వీసు విభాగానికి పోతాయి. వెండర్ ఇంకా మొదలుపెట్టని 4,000 ఆర్డరు రద్దు. ఇరవై రోజులు పూర్తయ్యాక వచ్చే పనిదినం సోమవారం, నవంబరు 18.

ఈ లెక్కలో ఖరీదైన భాగానికే పెద్దపీట వేశారు. రాగి చుట్టిన స్టేటర్ ఒక్కటి మిగిలినా నష్టం, కెపాసిటర్ కొన్ని మిగిలితే పోయేది తక్కువ. ఒకేసారి మారాల్సిన భాగాల్లో ఏది ఖరీదో దాని నిల్వ ఎప్పుడు అయిపోతుందో చూసి తేదీ పెట్టుకోవడమే నా లెక్కలో సరైన పద్ధతి. అన్నీ ఒకేరోజు సున్నాకి రావాలని కూర్చుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. ప్రాణాపాయం ఉన్న మార్పుకైతే ఈ లెక్క వర్తించదు. పాత నిల్వ ఎంత ఉన్నా పక్కన పెట్టి తాళం వేయాల్సిందే.

నిజానికి ‘నవంబరు 18’ ఒక అంచనా. చుట్టిన స్టేటర్లలో కొన్ని పరీక్షలో పోతాయి, ఒకరోజు కరెంటు ఉండదు, వెండర్ లారీ ఆలస్యమవుతుంది. కంప్యూటర్‌కి ఇవేవీ తెలియవు. అది తేదీనే నమ్ముతుంది. కాబట్టి తేదీ దగ్గర పడే కొద్దీ పాత భాగాల నిల్వ ఎంత ఉందో వారానికోసారైనా, చివరి వారంలో రోజూ చూసి, అవసరమైతే తేదీని జరిపేవాళ్లు ఒకరుండాలి. తేదీ ప్రకటించి మర్చిపోయిన చోటే ఎక్కువ గొడవలు పుడతాయి.

జరిపేటప్పుడు ఇంకో చిక్కు. పైన చిట్టాలో ఒక్క మార్పుకే నాలుగు తేదీలు ఉన్నాయి, రెండు ముగింపులు, రెండు ప్రారంభాలు. మూడు జరిపి ఒకటి మరిచిపోతే? పాత స్టేటర్ 17తో ముగిసి కొత్తది 20న మొదలైందనుకోండి. 18న చేయాల్సిన ఫ్యాన్‌కి చిట్టాలో స్టేటర్ అనే వరుసే ఉండదు. కంప్యూటర్ ‘స్టేటర్ లేదు’ అని అరవదు. దాని దృష్టిలో ఆ రోజు ఫ్యాన్‌కి స్టేటర్ అక్కర్లేదు, అంతే. అటువైపు జరిగి తేదీలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే ఫ్యాన్‌కి రెండు స్టేటర్లు కావాలని కొనిపిస్తుంది. అందుకే మార్పు మొత్తానికి ఒక చేంజ్ నంబరు ఇచ్చి, తేదీని ఆ నంబరుకే కడతారు. ఆ ఒక్కచోట జరిపితే వరుసలన్నీ కలిసి జరుగుతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఈ ఏర్పాటు ఉన్నా దాన్ని వాడకుండా వరుసల్లో చేత్తో తేదీలు కొట్టే కంపెనీలు ఉన్నాయి.

నంబరు ఎందుకు మార్చాలి

స్టేటర్ మార్పుని ఇంకోలా కూడా నమోదు చేయొచ్చు. స్టేటర్ నంబరు అదే ఉంచి, దాని లోపలి చిట్టాలో రాగి తీగ వరుసకు మాత్రం నవంబరు 18 అని తేదీ వేయొచ్చు. కొత్త నంబరు సృష్టించే శ్రమ, కొత్త అర, కొత్త లేబుల్ ఏవీ అక్కర్లేదు. చాలామందికి ఇదే సుఖంగా తోస్తుంది.

కానీ 18న ఫ్యాన్‌లో బిగించే స్టేటర్‌ని 18న చుట్టరు. చుట్టి, వార్నిష్ పట్టించి, ఆరబెట్టి, పరీక్షించి లైన్‌కి పంపడానికి రెండు రోజులు పడుతుందనుకుందాం. అంటే 15, 16 తేదీల్లో చుట్టినవి 18న బిగుస్తాయి. స్టేటర్ లోపలి చిట్టా ప్రకారం 15న చుట్టేది పాత పద్ధతే, ఎందుకంటే ఆ వరుసకి తేదీ ఇంకా రాలేదు. 18న లైన్ మీద కెపాసిటర్ మాత్రం కొత్తది. ఫలితంగా పాత స్టేటర్‌తో కొత్త కెపాసిటర్ జతకట్టిన ఫ్యాన్లు, రోజుకి 800 చొప్పున రెండు రోజులు, 1,600 తయారవుతాయి. ఒక్క అక్షరం తప్పు పడలేదు, ఎవరూ అజాగ్రత్తగా లేరు. రెండు మెట్ల మీద ఒకే తేదీ వేయడమే తప్పు.

ఆ ఫ్యాన్లు తిరుగుతాయి కూడా. పరీక్ష బల్ల మీద నిమిషం తిప్పి చూస్తే తేడా తెలియకపోవచ్చు. పెద్ద కెపాసిటర్ వల్ల స్టేటర్‌లోని సహాయక చుట్టులో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ కరెంటు పారి అది వేడెక్కుతుంది. ఆ వేడి రెండు మూడు ఎండాకాలాల తర్వాత కాలిన వాసనగా బయటపడుతుంది. అప్పటికి ఆ 1,600 ఏవో తేల్చే దారి ఉండదు.

దీనికి విరుగుడుగా పరిశ్రమలో ఒక పాత నియమం ఉంది. పాత భాగం, కొత్త భాగం రెంటినీ ఒకే డబ్బాలో కలిపేసి, చేతికి ఏది వస్తే అది బిగించినా ఫర్వాలేదంటే నంబరు మార్చక్కర్లేదు, వెర్షన్ అక్షరం మారిస్తే చాలు. అలా కలపడానికి వీల్లేదంటే కొత్త నంబరు ఇచ్చి తీరాలి. ఆకారం, అమరిక, పని మూడూ ఒకేలా ఉన్నాయా అన్నదే పరీక్ష. రెండు కెపాసిటర్లూ ఒకే క్లిప్పులో కూర్చుంటాయి, ఒకేలా కనిపిస్తాయి. పని మాత్రం వేరు. కాబట్టి నంబరు మారాలి.

మరి ఎంత పైమెట్టు దాకా మార్చుకుంటూ పోవాలి? తీగ మారితే స్టేటర్ మారింది. స్టేటర్ మారితే ఫ్యాన్ నంబరు కూడా మారాలా? తేడా ఏ మెట్టు దగ్గర బయటివాళ్లకు పట్టకుండా పోతుందో అక్కడ ఆగాలి. కొనేవాడికి, అమ్మేవాడికి ఈ ఫ్యాన్, ఆ ఫ్యాన్ ఒకటే. కాబట్టి ఫ్యాన్ నంబరు మారదు, తేదీ ఫ్యాన్ చిట్టాలోనే వేస్తారు. స్టేటర్‌కి కొత్త నంబరు వచ్చింది కాబట్టి దాని లోపలి చిట్టాలో తేదీల గొడవే ఉండదు. కొత్త స్టేటర్ పుట్టుకతోనే కొత్త తీగతో ఉంటుంది. 15న ఏది చుట్టాలో కంప్యూటర్ 18 నాటి ఫ్యాన్ ఆర్డరు నుంచి వెనక్కి లెక్కించి సరిగ్గా చెబుతుంది. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయినప్పుడు పరిస్థితి వేరు. అక్కడ లేబుల్ ఉన్న ఫ్యాన్, లేని ఫ్యాన్ దుకాణంలోనే వేరు వస్తువులు. ఫ్యాన్ నంబరే మారాలి.

మధ్య రోజులు

నవంబరు 18 ఉదయం లైన్ దగ్గరికి వెళ్తే ఏం కనిపిస్తుంది? కాగితం మీదలాగా ఒక్క గీతతో పాత కొత్త విడిపోవు. 16న విడుదల చేసిన 2,400 ఫ్యాన్ల వర్క్ ఆర్డరు 19 సాయంత్రం దాకా నడుస్తుంది. ఆర్డరు విడుదలైన రోజున చిట్టా నకలు ఒకటి అందులో అతుక్కుపోతుంది, ఆ తర్వాత అసలు చిట్టాలో తేదీ దాటినా నకలు మారదు. కాబట్టి 18న ఒక లైన్ పాత జంటతో, పక్క లైన్ కొత్త జంటతో చేస్తూ ఉండొచ్చు. ఇది తప్పు కాదు, పద్ధతి అనుమతించిందే. పాత ఆర్డరు పాతదిగానే ముగియాలి అన్నది తెలివైన నియమం. సగంలో ఆపి కొత్త భాగాలు పెట్టమంటే ఆ ఆర్డరులో ఎన్ని ఏ రకమో తేలదు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. పాత స్టేటర్లు ఒక ట్రాలీ నిండా మిగిలాయి. సూపర్‌వైజర్‌కి వాటిని పారేయాలనిపించదు. కొత్త ఆర్డరులో బిగించేస్తాడు. చాలా ఫ్యాక్టరీల్లో ఫ్యాన్ పూర్తయినప్పుడు చిట్టా చూసుకుని కంప్యూటరే స్టోర్ లెక్క తగ్గిస్తుంది, చేత్తో ఏది తీసుకున్నారో దానికి తెలియదు. ఫ్యాన్‌లో పాతది కూర్చుంటే పుస్తకంలో కొత్తది తగ్గుతుంది.

దీన్ని పట్టుకునే మార్గం సులువే. మార్పు జరిగిన వారం తర్వాత పాత, కొత్త భాగాలు రెంటినీ చేత్తో లెక్కపెట్టాలి. పుస్తకంలో కన్నా పాతవి 300 తక్కువ, కొత్తవి 300 ఎక్కువ ఉన్నాయనుకోండి. తేడాలు ఎదురెదురు దిశల్లో, ఒకే అంకెతో ఉంటే అది దొంగతనం కాదు, లెక్క తప్పూ కాదు. 300 ఫ్యాన్లలో పాత భాగం పడిందన్నమాట. స్టోర్ వాళ్లు ఈ రెండు తేడాలనీ వేరువేరుగా ‘సర్దుబాటు’ రాసేసి మూసేస్తే ఆ సాక్ష్యం అక్కడితో పోతుంది. ఆడిట్‌లో నేను మొదట అడిగి చూడాలనుకునే కాగితం ఇదే.

పథకంలోని తేదీ ఒకటి, వాస్తవంగా మారిన రోజు ఒకటి. కొత్త జంటతో మొదటి ఫ్యాన్ ఏ తేదీన, ఏ బ్యాచ్ నంబరుతో బయటికి వచ్చిందో లైన్ వాళ్లు రాసి చేంజ్ నంబరు కింద పెట్టాలి. ఎప్పుడైనా ఫిర్యాదు వస్తే పనికొచ్చేది ఈ రెండో తేదీనే. విమానాల వంటి వాటికి తేదీ పనికిరాదు. ఒక్కో విమానం నెలల తరబడి తయారవుతుంది, ఒకే రోజున పది విమానాలు పది దశల్లో ఉంటాయి. అక్కడ ‘ఫలానా వరుస నంబరు విమానం నుంచి’ అని మార్పు వేస్తారు. రోజుకి వందలు చేసే వస్తువులకి తేదీ, విడివిడిగా లెక్కపెట్టగల పెద్ద వస్తువులకి వరుస నంబరు సరిపోతాయి.

ఏ పనికి చెందిన తేదీ

తేదీ అనగానే ఇంకో ప్రశ్న వస్తుంది. దేని తేదీ? తయారు చేసిన రోజా, ఫ్యాక్టరీ దాటిన రోజా, అమ్మిన రోజా? దీన్ని తేల్చుకోకపోతే ఏమవుతుందో 2017లో మన దేశమంతా చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4 కాలుష్య ప్రమాణం రావాలి. ఏప్రిల్ 1కి ముందు తయారైన బీఎస్-3 బండ్లను ఆ తర్వాత కూడా అమ్ముకోవచ్చని కంపెనీలు అర్థం చేసుకున్నాయి. వాళ్ల దృష్టిలో అది తయారీ తేదీ. మార్చి 29న సుప్రీంకోర్టు అమ్మకం, రిజిస్ట్రేషన్ కూడా ఏప్రిల్ 1 నుంచి కుదరవని తీర్పు చెప్పింది. అప్పటికి కంపెనీల దగ్గర, డీలర్ల దగ్గర సుమారు 8.24 లక్షల బీఎస్-3 బండ్లు ఉన్నాయి, అందులో ఎక్కువ టూవీలర్లు. మిగిలింది రెండు రోజులు. హైదరాబాద్, విజయవాడల్లో సైతం షోరూముల ముందు తగ్గింపు ధరల బండ్ల కోసం జనం ఎగబడ్డది అప్పుడే. బీఎస్-6 విషయంలో కోర్టు 2018 అక్టోబరులోనే చెప్పేసింది, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4 బండి అమ్మకూడదు, రిజిస్టర్ చేయకూడదు అని. ఈసారి ఏ తేదీయో స్పష్టంగా ఉంది కాబట్టి కంపెనీలు వెనక్కి లెక్క వేసుకోగలిగాయి. అమ్మకానికి గడువు మార్చి 31 అయితే బండి ఫ్యాక్టరీ నుంచి అంతకు చాలా ముందే ఆగాలి, దాని ఇంజిన్ భాగాల ఆర్డరు ఇంకా ముందే ఆగాలి. చిట్టాలో వేసే తేదీ చట్టం చెప్పిన తేదీ కాదు. అందులోంచి రవాణా, డీలరు నిల్వ, తయారీ గడువు అన్నీ తీసేయగా మిగిలిన తేదీ.

కంప్యూటర్‌లోనూ ఇదే మెలిక ఉంది. ఆర్డరు మొదలయ్యే తేదీ చూసి చిట్టా చదవాలా, ముగిసే తేదీ చూసి చదవాలా అన్నది సెట్టింగుల్లో ఉంటుంది. పదిహేను రోజులు పట్టే పనికి ఈ రెండింటి తేడా పదిహేను రోజులు. మార్పు తేదీ నిర్ణయించే కమిటీలో ఎంతమందికి తమ సిస్టమ్ ఏ తేదీ చూస్తోందో తెలుసు అని అడిగితే సమాధానం కోసం కాసేపు ఆగాల్సి వస్తుంది.

ఫ్యాక్టరీ దాటాక

చిట్టాలో పాత వరుసకి ముగింపు తేదీ పడ్డా పాత భాగం చచ్చిపోదు. అమ్మిన వస్తువులు ఉన్నన్నాళ్లూ రిపేరు కోసం బతుకుతుంది. అందుకే పాత వరుసల్ని చెరపకూడదు. ఐదేళ్ల తర్వాత సర్వీసు మనిషి ‘2024 ఆగస్టులో చేసిన ఫ్యాన్‌లో ఏ కెపాసిటర్ ఉంటుంది’ అని అడిగితే ఆ నాటి తేదీతో చిట్టా తెరిచి చెప్పగలగాలి. విడిభాగాల దుకాణంలో రెండు నంబర్లు, రెండు అరలు ఉండాలి.

జనరల్ మోటార్స్ దెబ్బ తిన్నది సరిగ్గా ఇక్కడే. 2014 ఫిబ్రవరిలో వాళ్లు రీకాల్ ప్రకటించినప్పుడు 2007 వరకూ వచ్చిన మోడళ్లనే వెనక్కి పిలిచారు, కొత్త స్విచ్ వచ్చింది ఆ తర్వాతే కాబట్టి. కానీ లోపం ఉన్న పాత స్విచ్‌లు సుమారు 95,000 డీలర్లకు, విడిభాగాల వ్యాపారులకు పోయి ఉన్నాయి. నంబరు ఒకటే కాబట్టి మంచి స్విచ్‌తో బయటికొచ్చిన 2008 తర్వాతి కారుకి కూడా రిపేరులో పాత స్విచ్ పడి ఉండొచ్చు. ఏ కారులో పడిందో చెప్పే రికార్డు లేదు. మార్చి నెలాఖరులో 2008 నుంచి 2011 వరకూ మోడళ్లను కూడా, ఒక్క అమెరికాలోనే 8,24,000 కార్లను, రీకాల్‌లో చేర్చాల్సి వచ్చింది. ప్రపంచమంతా కలిపి లెక్క సుమారు 26 లక్షలు. పరిహార నిధి ఆ స్విచ్ లోపానికి ముడిపెట్టి ఒప్పుకున్న మరణాలు 124. 2015లో అమెరికా ప్రభుత్వ న్యాయ విచారణను ముగించుకోవడానికి కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టింది.

కొత్త నంబరు ఇచ్చినంత మాత్రాన 2006కి ముందు తయారైన కార్లు బాగుపడేవి కావు. అవి అప్పటికే రోడ్డు మీద ఉన్నాయి. కానీ స్విచ్ మారిందన్న సంగతి రికార్డులో ఉండేది. ఏ మోడళ్ల మీద అనుమానపడాలో ఇంజినీర్లకి తెలిసేది. విడిభాగాల అరల్లో పాత నిల్వను వెతికి తీయగలిగేవారు. మార్పు పద్ధతి చేయగలిగిన పని అంతే, చేయలేకపోయింది కూడా అంతే.

ఇంట్లో ఫ్యాన్ నెమ్మదించి కెపాసిటర్ మార్చాల్సి వచ్చినప్పుడు పాతదాన్ని పారేయకుండా దాని మీద ముద్రించిన ఎంఎఫ్‌డీ అంకె చూడండి, దుకాణంలో అదే అంకె అడగండి. ‘కొంచెం పెద్దది వేస్తే బాగా తిరుగుతుంది’ అని మెకానిక్ అంటే ఒప్పుకోకండి. మీ ఫ్యాన్ స్టేటర్ ఏ తేదీకి ముందు చుట్టిందో అతనికి తెలియదు.